ఈ మార్కులను నమ్మొచ్చా?

1988లో అమెరికాలో డేవిడ్ ఫౌస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం చేశారు. 9 నుంచి 12 ఏళ్ల మధ్య వయసున్న ముగ్గురు పిల్లలకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచన వంటివాటిని కొలిచే పరీక్షలు పెట్టారు. పెట్టేముందు, కావాలనే సరిగా చేయొద్దని చెప్పారు. ఎలా నటించాలో పెద్దగా నేర్పిందేమీ లేదు. ఆ పిల్లల మార్కులకు ఒక కేసు చరిత్ర జోడించి, ఈ రంగంలో పనిచేస్తున్న నిపుణులకు పంపి అభిప్రాయం అడిగారు. 93 శాతం మంది పిల్లల్లో లోపం ఉందన్నారు. అలా అన్నవాళ్లలో అత్యధికులు, మెదడు దెబ్బతినడం వల్లే ఈ లోపం వచ్చిందని కూడా తేల్చారు. పిల్లలు నటించి ఉండొచ్చని ఒక్కరంటే ఒక్కరూ అనలేదు.

న్యూరోసైకాలజీకి ఇది పెద్ద దెబ్బే. తలకు గాయమైనా, పక్షవాతం వచ్చినా, మతిమరుపు మొదలైనా మనిషి తెలివితేటల్లో ఏది నిలిచింది, ఏది తగ్గింది అని కొలిచి చెప్పడమే న్యూరోసైకాలజిస్టు పని. ఆ రిపోర్టును బట్టే డాక్టర్లు చికిత్స మారుస్తారు, కుటుంబాలు నిర్ణయాలు తీసుకుంటాయి, కోర్టులు నష్టపరిహారం లెక్కగడతాయి. పదేళ్ల పిల్లాడు కావాలని తప్పులు చేస్తేనే కనిపెట్టలేకపోతే ఆ రిపోర్టుకు విలువేముంటుంది? 'నేను మనిషిని చూసి చెప్పేయగలను' అనే ధీమాకు అక్కడితో కాలం చెల్లింది. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ పరిశోధన జరిగిన విషయాల్లో ఇదొకటి. ఇప్పుడు వాడుతున్న చెల్లుబాటు పరీక్షల్లో చాలావరకు అందులోంచి వచ్చినవే.

రక్తపరీక్షకు మన సహకారం అక్కర్లేదు. చెయ్యి చాపితే చాలు, మిగతాది యంత్రం చూసుకుంటుంది. జ్ఞాపకశక్తి పరీక్ష అలా కాదు. 'ఈ మాటలు విని తిరిగి చెప్పండి' అన్నప్పుడు రోగి వినాలి, పట్టించుకోవాలి, గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాలి. వీటిలో ఏది జరగకపోయినా మార్కులు తగ్గుతాయి, కాగితం మీద మాత్రం అది మెదడు లోపంలాగే కనిపిస్తుంది. కెనడాలో పాల్ గ్రీన్, ఆయన సహచరులు నష్టపరిహారం కేసులతో సంబంధమున్న 904 మంది ఫలితాలను పరిశీలించి 2001లో ఒక పత్రం ప్రచురించారు. తలకు తగిలిన గాయం ఎంత తీవ్రమైనదన్న దానికంటే, పరీక్షలో మనసు పెట్టారా లేదా అన్నదే మార్కులను ఎక్కువగా మార్చేసిందని అందులో తేలింది. సామాను తూచేముందు త్రాసుకు పాసంగం ఉందేమో చూసుకుంటాం. చెల్లుబాటు పరీక్ష చేసే పని కూడా అంతే. సామాను తెచ్చిన మనిషి మీద అది తీర్పు చెప్పదు.

ఈ పరీక్షల వెనకున్న ఉపాయం తేలికైనదే. చూడటానికి కష్టంగా ఉండి, నిజానికి చాలా సులువైన పని ఒకటి ఇవ్వాలి. తీవ్రమైన మెదడు గాయం ఉన్నవాళ్లు కూడా దాదాపుగా చేయగలిగినంత సులువు. దాన్ని కూడా చేయలేకపోతే, మిగతా కష్టమైన పరీక్షల మార్కులను ఉన్నవి ఉన్నట్టు తీసుకోవడం కుదరదు.

మొదటి తరం పరీక్షల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆంద్రే రే తయారుచేసిన 15 గుర్తుల పరీక్ష బాగా పేరున్నది. ఒక కార్డు మీద 15 గుర్తులు మూడేసి చొప్పున అయిదు వరుసల్లో ఉంటాయి. '15 వేర్వేరు గుర్తులు చూపిస్తాను, చూసేది 10 సెకన్లే, తర్వాత గుర్తున్నవన్నీ వేయాలి' అని చెబుతారు. వినగానే గుండె జారుతుంది. కార్డు తిప్పి చూస్తే ఏముంది? ఒక వరుసలో ఇంగ్లీషు పెద్దబడి ఏ బీ సీలు, ఇంకో వరుసలో అవే చిన్నబడివి, తర్వాత 1 2 3, రోమన్ అంకెలు, వృత్తం, చతురస్రం, త్రిభుజం. గుర్తుపెట్టుకోవాల్సింది పదిహేను కాదు, అయిదే. జబ్బు ఉన్నట్టు చూపించాలనుకున్న మనిషి మాత్రం 'పదిహేను' అన్న మాటకే లొంగి ఆరో ఏడో వేసి ఊరుకుంటాడు.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. బడికి పోని మనిషికి రోమన్ అంకెలు అర్థంలేని గీతలు. పెద్దబడి, చిన్నబడి ఒకే అక్షరమని తెలియని వ్యక్తికి అవి ఆరు వేర్వేరు బొమ్మలు. మెదక్ జిల్లాలో పొలం పనిచేసుకునే పెద్దమనిషి ఈ పరీక్షలో తప్పితే, తెలిసేది ఆయన చదువు సంగతే తప్ప నిజాయితీ సంగతి కాదు. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు, పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు కూడా ఇందులో తప్పుతారు. అదీకాక, నటించేవాళ్లలో చాలామంది దీన్ని దాటేస్తారు. అందుకే ఇప్పుడు దీని ఒక్కదాని మీదే ఎవరూ ఆధారపడరు.

ఇంతకంటే గట్టి పద్ధతి 1970లలో వచ్చింది. వినబడటం లేదంటున్న ఒక రోగిని పరీక్షించడానికి లోరెన్ పాంక్రాట్జ్, ఆయన సహచరులు రెండింట్లో ఒకటి ఎంచుకునే పద్ధతిని వాడి 1975లో ప్రచురించారు. తర్వాత అదే పద్ధతి జ్ఞాపకశక్తికి వచ్చింది. దాని మీద నిలబడిన పరీక్షల్లో, 1996లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టామ్‌బా ప్రచురించిన 'టామ్' అనే బొమ్మల పరీక్ష ప్రపంచమంతటా వాడుకలో ఉంది. రోగికి 50 మామూలు వస్తువుల గీతబొమ్మలు ఒక్కొక్కటి 3 సెకన్ల చొప్పున చూపిస్తారు. తర్వాత రెండేసి బొమ్మలు పక్కపక్కన పెట్టి, 'ఇందాక చూసింది ఏది?' అని అడుగుతారు. రోగి వేలు పెట్టి చూపిస్తే చాలు. సరైనదో కాదో వెంటనే చెబుతారు కూడా. ఆపైన అదంతా మరోసారి చేస్తారు.

యాభై బొమ్మలా అని భయం వేస్తుంది కానీ, ముందు చూసిన బొమ్మను గుర్తుపట్టడం మెదడుకు ఎంతో తేలిక. 5 ఏళ్లు దాటిన పిల్లలు, ఆసుపత్రిలో డిప్రెషన్‌కు చికిత్స పొందుతున్నవాళ్లు, దీర్ఘకాలంగా నొప్పితో బాధపడేవాళ్లు కూడా సాధారణంగా దీన్ని దాటేస్తారు. ఎన్ని మార్కుల దగ్గర గీత గీస్తారో ఇక్కడ రాయడం లేదు. ఆ అంకె అందరికీ తెలిసిపోతే ఈ పరీక్ష ఎందుకూ పనికిరాదు. అప్పుడు నష్టపోయేది నిజంగా దెబ్బ తగిలి, తన బాధ నిజమని రుజువు చేసుకోవాల్సిన మనిషి.

ఇందులో ఇంకో గీత కూడా ఉంది. అది లెక్కల పుస్తకం గీసిన గీత. కళ్లకు గంతలు కట్టి, రెండేసి బొమ్మల్లో ఏదో ఒకటి చూపించమంటే 50కి అటూ ఇటూగా 25 సరిపోతాయి. కాస్త ఎక్కువ తక్కువలు ఉంటాయి. కానీ ఊరికే చూపించుకుంటూ పోతే 18 కంటే తక్కువ రావడం నూటికి ఇద్దరికి కూడా జరగదు. 12 కంటే ఎక్కువ రాకపోవడం పదివేల మందిలో ఇద్దరికి కూడా జరగదు. అంత తక్కువ వచ్చిందంటే ఆ మనిషికి సరైన బొమ్మ ఏదో తెలుసు, తెలిసి రెండోది చూపిస్తున్నాడు అనుకోక తప్పదు. వరసగా తప్పు ఎంచుకోవాలంటే ముందు ఒప్పు తెలిసుండాలి కదా. ఉద్దేశం గురించి ఈ రంగం కాస్త ధైర్యంగా మాట్లాడగలిగేది ఇక్కడ మాత్రమే.

అయితే అంత తక్కువ మార్కులు తెచ్చుకునేవాళ్లు కొద్దిమందే. తప్పినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండు గీతల మధ్య పడతారు: గుడ్డిగా చూపించినా రావాల్సిన దానికంటే ఎక్కువ, తీవ్రమైన రోగులు తెచ్చుకునే దానికంటే తక్కువ. అసలు చిక్కంతా ఈ మధ్య భాగంలోనే ఉంది. ఇక్కడ పరీక్ష చెప్పేది ఒక్కటే: 'ఈ పూట వచ్చిన మార్కులు ఈ మనిషి అసలు సామర్థ్యాన్ని చూపించడం లేదు.' ఎందుకు చూపించడం లేదో అది చెప్పదు. డబ్బు కోసం కావచ్చు. రాత్రంతా నిద్రలేక కావచ్చు. డాక్టరు తన బాధను నమ్మడేమోనన్న భయంతో కాస్త ఎక్కువ చేసి చూపించడం కావచ్చు. తలకు దెబ్బ తగిలింది కాబట్టి ఇక నా బుర్ర పనిచేయదని మనిషి గట్టిగా నమ్మేయడమూ కావచ్చు. ఈ చివరిది వింతగా అనిపించినా, జూలీ సర్, జాన్ గన్‌స్టాడ్ 2002లో దీన్ని చూపించారు. గతంలో తలకు చిన్న దెబ్బ తగిలిన విద్యార్థుల్లో కొందరికి, దెబ్బ తగిలింది కాబట్టే మిమ్మల్ని పిలిచామని చెప్పి పరీక్ష పెడితే, అలా చెప్పని వాళ్లకంటే వాళ్లకు మార్కులు తగ్గాయి.

ఈ మధ్య భాగంలో తొందరపడితే ఎంత అన్యాయం జరుగుతుందో ఒక లెక్క చూద్దాం. ఈ పరీక్షలను తయారుచేసేటప్పుడు, నిజంగా ప్రయత్నించిన నూరుగురిలో పదిమందికి మించి పొరపాటున తప్పకూడదన్నది మామూలుగా పెట్టుకునే నియమం. అంత జాగ్రత్తపడితే, మనసు పెట్టనివాళ్లలో సుమారు సగం మందే దొరుకుతారు. ఇప్పుడు ఒక మామూలు ఆసుపత్రికి వచ్చే నూరుగురిలో పదిమందే మనసు పెట్టనివాళ్లు అనుకుందాం. ఆ పదిమందిలో అయిదుగురు దొరుకుతారు. మిగతా 90 మందిలో 9 మంది పొరపాటున తప్పుతారు. అంటే తప్పిన 14 మందిలో 9 మంది నిజాయితీగా చేసినవాళ్లే. నష్టపరిహారం కేసుల్లో ఆ పదిమంది స్థానంలో ముప్పై మంది ఉన్నారనుకుంటే లెక్క తిరగబడుతుంది: తప్పిన 22 మందిలో 15 మంది మనసు పెట్టనివాళ్లు. అమెరికాలోని నిపుణులు తమ కేసుల గురించి ఇచ్చిన అంచనాలను విలీ మిటెన్‌బర్గ్ బృందం 2002లో ప్రచురించింది. గాయాల దావాల్లో, వైకల్య దరఖాస్తుల్లో 30 శాతం అటూ ఇటుగా, మామూలు వైద్యపు కేసుల్లో 8 శాతం అని ఆ అంచనా. మార్కు అదే, పరీక్ష అదే, కానీ ఎవరు ఎక్కడినుంచి వచ్చారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. అందుకే ఒక్క పరీక్ష తప్పినంత మాత్రాన ఎవరూ తీర్పు రాయరు. రోజు మొత్తంలో అక్కడక్కడా రెండు మూడు వేర్వేరు రకాల పరీక్షలు పెట్టి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు.

ఇదంతా ఒక మనిషి విషయంలో ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇటువంటి కేసుల్లో తరచూ కనిపించే వివరాలతో కూర్చిన ఉదాహరణ.

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 43 ఏళ్ల తెలుగాయన. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనకనుంచి ఇంకో కారు గుద్దింది. కాసేపు దిమ్మెక్కినట్టయింది కానీ స్పృహ తప్పలేదు. ఎమర్జెన్సీలో తీసిన స్కాన్ బాగానే ఉంది. రెండు వారాలకు ఆఫీసుకు వెళ్లాడు. మీటింగుల్లో మాట అందడం లేదు, రాసిన కోడ్‌లో తప్పులు, మెడనొప్పి, మేనేజరుతో మాటలు పడటం. చివరికి సెలవు పెట్టాడు. ప్రమాదం జరిగి 16 నెలలయింది. దీర్ఘకాలిక వైకల్య బీమా కోసం దరఖాస్తు నడుస్తోంది. ఇటువంటి స్వల్ప గాయం తర్వాత చాలామంది కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో కోలుకుంటారు. ఈయనకేమో రోజురోజుకీ ఎక్కువవుతోంది. న్యూరాలజిస్టు న్యూరోసైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

పరీక్షకు ముందే ఆవిడ ఒక మాట చెప్పింది. 'ఈరోజు మీకు కొన్ని తేలికగా, కొన్ని కష్టంగా అనిపిస్తాయి. అన్నిట్లోనూ మీ శక్తికొద్దీ ప్రయత్నించండి. మీరు ప్రయత్నించిన తీరును చూసే పద్ధతులు కూడా ఇందులో ఉన్నాయి. ప్రయత్నం తగ్గితే ఈ ఫలితాలు మీకే పనికిరాకుండా పోతాయి.' ఏ పరీక్ష దేనికన్నది మాత్రం చెప్పలేదు. అమెరికాలోని క్లినికల్ న్యూరోసైకాలజీ అకాడమీ 2009లోనూ, మళ్లీ 2021లోనూ ఈ విషయంపై ఏకాభిప్రాయ ప్రకటనలు వెలువరించింది. ప్రయత్నించమని ముందుగా చెప్పడం రోగి హక్కును గౌరవించడమే. దొంగచాటుగా పట్టుకోవాలన్న ఆలోచన ఇక్కడ లేదు.

ఫలితాలు వచ్చాయి. బొమ్మల పరీక్షలో మొదటిసారి 34, రెండోసారి 38. గుడ్డిగా చూపించిన దానికంటే చాలా ఎక్కువే, కానీ రావాల్సినంత కాదు. చదివి వినిపించిన 16 మాటల జాబితాలో, తానే ఇందాక తిరిగి చెప్పిన మాటల్లో కొన్నిటిని తర్వాత వినిపిస్తే 'ఇవి నేను వినలేదు' అన్నాడు. నిజమైన మరుపు సాధారణంగా ఇందుకు ఎదురుగా ఉంటుంది: తనంతట గుర్తు రానిది, వినిపిస్తే గుర్తొస్తుంది. అంకెలను విన్న వరుసలో, తర్వాత తిరగేసి చెప్పే పరీక్షలోనూ మార్కులు బాగా తక్కువ. మరోపక్క పదసంపద, తర్కం మామూలుగా ఉన్నాయి. పొద్దున ముఖాముఖిలో ఫిజియోథెరపీకి ఏ నెలలో ఎన్నిసార్లు వెళ్లిందీ చూసుకోకుండా చెప్పాడు. నలభై నిమిషాలు తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. జ్ఞాపకశక్తి ఆ మార్కులంత దెబ్బతిన్న మనిషి ఇవి చేయలేడు.

రోగి చెప్పే బాధలకు కూడా వేరే కొలత ఉంది. ఎంఎంపీఐ వంటి ప్రశ్నావళుల్లో, నిజమైన రోగులు కూడా అరుదుగా 'అవును' అనే ప్రశ్నలు కొన్ని కలిపి ఉంటాయి. వాటిలో ఎన్నిటికి 'అవును' అన్నారో లెక్కేస్తారు. పరీక్షలో చేసి చూపించినది ఒకటి, నోటితో చెప్పుకున్నది ఇంకొకటి అని, రెండిటినీ కలిపేయొద్దని గ్లెన్ లారాబీ 2012లో వాదించాడు. ఇప్పుడు చాలామంది అలాగే విడదీసి చూస్తున్నారు. ఒకటి తప్పి ఇంకొకటి బాగుండటం మామూలే. మన ఉదాహరణలోని ఆయనకు ఈ ప్రశ్నావళి బాగానే వచ్చింది. అంటే చెప్పుకున్న బాధలను, ముఖ్యంగా నిద్ర, భయం గురించి చెప్పినవాటిని నమ్మవచ్చు. మార్కులను నమ్మడమే కష్టం.

ఇక ఆవిడ కారణాలు వెతకడం మొదలుపెట్టింది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ దశే. మొదట భాష. ఈయన తెలుగు మీడియంలో చదువుకుని, ఇంజనీరింగు నుంచి ఇంగ్లీషుకు వచ్చాడు. బొమ్మల పరీక్షకు భాషతో పెద్దగా పనిలేదు. అంకెల పరీక్షకు ఉంది. ఇంగ్లీషులో అంకెల పేర్లు చాలావరకు ఒక్క అక్షరపు ఉచ్చారణ. 'ఎనిమిది', 'తొమ్మిది' అని మనసులో చెప్పుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. పేర్లు పొడుగయ్యేకొద్దీ ఒక్క ఊపులో గుర్తుండే అంకెలు తగ్గుతాయని, వెల్ష్ భాష మాట్లాడేవాళ్ల మీద 1980లో జరిగిన పరిశోధన చూపించింది. ఈయన లోపల తెలుగులో లెక్కపెట్టుకుని బయటికి ఇంగ్లీషులో చెబుతుంటే మార్కు ఇంకా తగ్గవచ్చు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం గీసిన గీతను ఈయనకు వర్తింపజేయడం న్యాయం కాదని, ఆ ఒక్క ఫలితాన్ని ఆవిడ లెక్కలోంచి పక్కన పెట్టింది. అది తీసేసినా ఇంకా రెండు మిగిలాయి.

తర్వాత నిద్ర: మూడు నాలుగు గంటలు. మెడనొప్పికి, నిద్రకు మందులు. వెనకనుంచి హారన్ వినబడితే గుండె దడ, ప్రమాదం కలలోకి రావడం. వీటివల్ల బతుకు నరకమవుతుంది కానీ, సాధారణంగా బొమ్మల పరీక్షలో ఇంత తక్కువ రాదు. చివరగా బీమా దరఖాస్తు. దాన్ని విస్మరించడం అమాయకత్వం. దాన్ని పట్టుకునే తీర్పు చెప్పేయడం అన్యాయం. కావాలని నటించారని తేల్చడానికి స్లిక్, షెర్మన్, ఐవర్సన్ 1999లో ప్రమాణాలు రాశారు, 2020లో సవరించారు. లాభం ఉండటం ఒక్కటే చాలదు. గట్టి రుజువులు ఉండాలి, ఆ రుజువులను మానసిక, నాడీ సంబంధమైన లేదా ఇతర కారణాలతో పూర్తిగా వివరించలేమని కూడా తేలాలి. ఈ కేసు ఆ గట్టు ఎక్కదని ఆవిడ నిర్ణయించుకుంది.

వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ ఫలితాలు వినడానికి వచ్చారు. కోర్టులో గానీ బీమా కంపెనీ తరఫున గానీ జరిగే పరీక్షల్లో ఈ సంభాషణకు సాధారణంగా అవకాశం ఉండదు, రిపోర్టు పంపించిన వాళ్లకే పోతుంది. ఇక్కడ పంపింది చికిత్స చేస్తున్న డాక్టరు కాబట్టి రోగితో కూర్చోవచ్చు. ఇటువంటి మాట ఎలా చెప్పాలన్న దానిపై డామినిక్ కరోన్, గ్రాంట్ ఐవర్సన్, షేన్ బుష్ 2010లో ఒక పద్ధతి ప్రచురించారు. ముందు నమ్మకం ఏర్పడాలి, మంచి కబురు చెప్పాలి, ఆ తర్వాతే కష్టమైన మాట.

'ముందు ఊరటనిచ్చే సంగతి' అంది ఆవిడ. 'పెద్ద మెదడు గాయం ఉంటే కనిపించే తీరు మీలో కనిపించడం లేదు. ఇక రెండోది. మీరు చేసినవాటిలో కొన్ని, తీవ్రంగా దెబ్బ తగిలినవాళ్లు కూడా బాగా చేసేవి. వాటిలో మీకు తక్కువ వచ్చాయి. అందుకని మీ జ్ఞాపకశక్తి అసలు ఎంతుందో ఈ మార్కులను బట్టి నేను చెప్పలేను. ఇలా రావడానికి చాలా కారణాలు ఉంటాయి. మీకేమనిపిస్తోంది?'

ఆయన వెంటనే మాట్లాడలేదు. భార్యే అంది: 'ఆ ముందు రాత్రి ఆయన కంటిమీద కునుకు లేదండీ. పొద్దున్నే బీమా వాళ్లనుంచి ఉత్తరం కూడా వచ్చింది.' కాసేపటికి ఆయన అన్నాడు: 'అన్నీ బాగా చేసేస్తే, నీకేమీ లేదు ఫో అంటారేమో అనిపించిందండీ. తెలిసినట్టు అనిపించినవాటిని కూడా గట్టిగా చెప్పలేకపోయాను. లోపల మాత్రం నిజంగా బాగోలేదు.'

ఈ మాటలో కావాలని చేసింది ఎంత, భయంతో జరిగింది ఎంత అని ఏ పరీక్షా విడదీయలేదు. ఆవిడ కూడా ఆ ప్రయత్నం చేయలేదు. 'అబద్ధం', 'నటన' అన్న మాటలు ఆమె నోట రాలేదు. 'మీ బాధను నేను నమ్ముతున్నాను. అందుకే దాన్ని సరిగ్గా కొలవాలి' అంది. నిద్రకు, ప్రమాదం తాలూకు భయానికి ముందు చికిత్స తీసుకుని, ఆ తర్వాత మళ్లీ రమ్మంది.

రిపోర్టులో ఆమె రాసిన వాక్యాలు కూడా గమనించదగ్గవి. తక్కువ వచ్చిన మార్కులు అసలు సామర్థ్యం కంటే తక్కువ చూపిస్తున్నాయి, వాటి ఆధారంగా మెదడు లోపం ఉందని చెప్పలేను అని ఒకటి. బాగా వచ్చిన మార్కులు మాత్రం నిలబడతాయి, ఆయన సామర్థ్యం కనీసం అంత ఉంది అని రెండోది. నిద్రలేమికి, ప్రమాదం తాలూకు మానసిక లక్షణాలకు చికిత్స అవసరమని మూడోది. వైకల్యం ఉందని రాయలేదు, లేదని కూడా రాయలేదు. దీన్ని గోడమీద పిల్లివాటం అనుకుంటే పొరపాటు. ఆ పూట దొరికిన సాక్ష్యం అంతవరకే మోయగలదు.

తొమ్మిది నెలల తర్వాత రెండో పరీక్షలో బొమ్మలకు 49, 50 వచ్చాయి. జ్ఞాపకశక్తి ఆయన వయసుకు, చదువుకు తగ్గట్టే ఉంది. పని వేగం కాస్త తగ్గింది, దిగులు ఇంకా ఉంది. ఇప్పుడు ఆ 'వేగం తగ్గింది' అన్న మాటకు బలం వచ్చింది. తేలిక పరీక్షలన్నీ దాటిన మనిషి కష్టమైనదాంట్లో వెనకబడితే, ఆ వెనకబాటు అసలైనదని ఎదుటి వకీలు ముందు కూడా నిలబెట్టవచ్చు. చెల్లుబాటు పరీక్ష రోగికి శత్రువని చాలామంది అనుకుంటారు. నిజంగా దెబ్బతిన్న మనిషికి అంతకంటే గట్టి సాక్షి ఇంకొకరు దొరకరని నా నమ్మకం.

ప్రతి కేసూ ఇలా తేలదు. ఫలితం వినగానే కోపంతో లేచి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. రెండోసారి రానివాళ్లు ఉంటారు. ఇంకా ఎక్కువ భయపెట్టేది, పరీక్ష తప్పు మనిషిని పట్టుకోవడం. మతిమరుపు జబ్బు ముదిరిన తల్లి బొమ్మల పరీక్షలో తప్పితే, ఆమెకు ఆ గీత వర్తించదని తెలిసిన నిపుణుడు ఉండాలి. తెలియనివాడి చేతిలో అది ఆమె మీద మచ్చగా మిగులుతుంది.

మన దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. రోడ్డు ప్రమాదాల ట్రైబ్యునళ్లలో వైకల్య శాతాన్ని బట్టి పరిహారం తేలుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రధాన ప్రయోజనాలకు 40 శాతం గీత ఉంది. రెండు చోట్లా తలకు గాయమైనవాళ్లు వస్తారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2004లో మన దేశపు జనం మీద కొలిచి తయారుచేసిన న్యూరోసైకాలజీ పరీక్షల సంపుటి ఇచ్చింది. అందులో చదువును బట్టి మార్కులు విడదీసి చూసే పద్ధతి ఉంది. చెల్లుబాటు పరీక్షలకు కూడా తెలుగు మాట్లాడేవాళ్లమీద, చదువుకోనివాళ్లతో సహా, అటువంటి కొలతలు కావాలి. అవి లేకుండా అమెరికా గీతను తెచ్చి మన పల్లెటూరి మనిషి మీద పెట్టడం తప్పు. గీత లేదు కదా అని కళ్లతో చూసి 'నాటకాలాడుతున్నాడు' అని మెడికల్ బోర్డులో నోటిమాటగా తేల్చేయడం అంతకన్నా పెద్ద తప్పు. ఒట్టి చూపుతో చెప్పగలమన్న ధీమా 1988లోనే ఓడిపోయింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్షలు రాస్తే, కొన్ని సంగతులు ముందే డాక్టరుకు చెప్పండి: రాత్రి ఎంత నిద్రపోయారు, ఏ మందులు వేసుకుంటున్నారు, కళ్లద్దాలు, చెవి మిషను తెచ్చారా, ఏ భాషలో లెక్కపెట్టుకుంటారు, ఎంతవరకు చదివారు. ఒంట్లో బాగోలేకపోతే ఇంకో రోజుకు మార్చమని అడగండి, అది మీ హక్కు. కేసు గానీ క్లెయిము గానీ ఉంటే దాచకండి. పరీక్షల గురించి ఇంటర్నెట్‌లో వెతికి తయారై వెళ్లకండి, ఎంత తక్కువ చేస్తే అంత మంచిదని సలహా ఇచ్చే బంధువుల మాట అసలు వినకండి. వచ్చినది వచ్చినట్టు చేయండి, రానిది రాలేదని చెప్పండి. ఫలితాలు వివరించేటప్పుడు 'ఈ మార్కులను నమ్మొచ్చా, మీరెలా తేల్చుకున్నారు?' అని మీరే అడగండి.